కిటికీలో ఫైకస్: నీళ్లు, వేళ్లు, తీగ

మన శాఖ గది కిటికీలో ఉన్న చిన్న చెట్టును చూసి ఈ మధ్య చాలామంది నన్ను అవే మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. రోజూ నీళ్లు పోయాలా? వేళ్లు కోస్తే చచ్చిపోదా? కొమ్మకు ఆ తీగ చుట్టడం ఎందుకు? ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఇక్కడ రాసేస్తే పని అయిపోతుందనుకున్నాను. ఇందులో సగం నేను చేసిన తప్పులే ఉంటాయి, ముందే చెప్తున్నా.

ఆ చెట్టు పోయిన అక్టోబరులో పదవీ విరమణ చేసిన మేడమ్ మనకు వదిలివెళ్లిన బోన్సాయ్. నర్సరీవాళ్లు ఫైకస్ అంటారు. మర్రి, రావి, మేడి దీనికి దాయాదులు. ఆకు తుంచితే పాలు కారేది అందుకే. కుండీ జానెడు పొడవు, మూడు వేళ్ల లోతు, అంతే. "పదిహేనేళ్ల నుంచి పెంచుతున్నాను, జాగ్రత్త" అని చెప్పి మేడమ్ నా చేతికిచ్చారు.

నేను చాలా శ్రద్ధగా రోజూ ఉదయం తొమ్మిదింపావుకి టీ గ్లాసుడు నీళ్లు పోశాను. మూడు వారాలకు ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలట్లేదేమో అని రెండు గ్లాసులు పోశాను. ఒక సోమవారం వచ్చి చూస్తే బల్లమీద పదకొండు ఆకులు రాలి ఉన్నాయి. ఆ రోజు మేడమ్‌కి ఫోన్ చేసే ధైర్యం నాకు లేకపోయింది.

తోటమాలి తాత మాలూరు వైపు తెలుగాయన. కుండీని చేత్తో ఎత్తి చూసి, "ఇది తేలిగ్గుందే అమ్మా, నువ్వు పోసింది ఎక్కడికి పోయింది?" అన్నాడు. గ్లాసుడు నీళ్లు పోసి చూపించాడు. నీళ్లు మట్టికీ కుండీ గోడకీ మధ్య ఉన్న సందులోంచి జారి, అడుగు చిల్లులోంచి సగం నిమిషంలో బయటికి వచ్చేశాయి. కాల్చేసిన అగరుబత్తి వెదురు పుల్ల ఒకటి మట్టి మధ్యలోకి గుచ్చి, కాసేపుంచి తీశాడు. పైన ఒక గోరంత మేర తడి, కింద అంతా పొడి. మట్టి బాగా ఎండితే నీటిని పీల్చదు, పక్కకు తోసేస్తుంది. "పోయడం కాదమ్మా, తాగించాలి" అన్నాడు.

తాగించడమంటే ఇది. బకెట్లో కుండీ అంచు దాకా నీళ్లు పెట్టి, కుండీని మెల్లగా దించాలి. బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా, ఇంచుమించు పది నిమిషాలు, ఉంచి తీసి చిల్లుల్లోంచి నీరంతా ఓడ్చాలి. ఆ తర్వాత గడియారం చూసి కాదు, పుల్ల చూసి నీళ్లు పోయాలి. పుల్లను పది నిమిషాలు మట్టిలో ఉంచి తీస్తే చల్లగా, నల్లగా తడి తెలుస్తుంటే ఆ రోజు వద్దు. కొంచెం తేమ మాత్రమే తగిలితే పోయాలి. పూర్తిగా పొడి అయ్యేదాకా ఆగకూడదు. పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లులోంచి కారేదాకా, రెండు విడతలుగా పోయాలి. మన కిటికీలో ఎండాకాలంలో అది రోజూ అవుతుంది, డిసెంబరులో మూడు రోజులకొకసారి.

చిక్కేమిటంటే నీళ్లు ఎక్కువైనా ఆకులు పసుపెక్కి రాలుతాయి, తక్కువైనా అంతే. అందుకే ఆకును చూసి తీర్పు చెప్పకండి. కుండీ తేలిగ్గా ఉండి ఆకు పెళుసుగా ఉంటే దాహం. కుండీ బరువుగా ఉండి ఆకు మెత్తబడి, మట్టి పులిసిన వాసన వేస్తే వేళ్లు కుళ్లుతున్నట్టు. కొమ్మ బతికుందా అనే అనుమానం వస్తే గోటితో బెరడు కొంచెం గీకండి, లోపల పచ్చగా ఉంటే ఇంకా ప్రాణముంది. మన చెట్టుకు పచ్చగానే ఉంది.

కానీ అసలు కారణం వేళ్లు. కుండీ నిండిపోయి మట్టి గట్టిపడింది, నీరు దిగే దారి లేదు. అప్పుడే కోసేద్దామా అని అడిగితే తాత ఒప్పుకోలేదు. నవంబరు, డిసెంబరులో బెంగళూరు చలికి ఫైకస్ పెద్దగా పెరగదు, కోసిన వేరు త్వరగా కోలుకోదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటిదాకా బకెట్‌తోనే గడిపాం.

మార్చిలో కుండీ అంచు చుట్టూ కత్తి తిప్పి చెట్టును బయటికి తీశాం. అడుగున వేళ్లు చుట్టకుదురులా ఒకదానిమీద ఒకటి తిరిగి ఉన్నాయి. పాత ఫోర్కుతో అంచు నుంచి లోపలికి కాకుండా, లోపలి నుంచి బయటికి మెల్లగా దువ్వాం. దువ్వేటంతసేపూ వేళ్లమీద తడిగుడ్డ. తర్వాత మొత్తంలో మూడోవంతు మించకుండా, పదునైన కత్తెరతో, అడుగువైపు, పక్కలకు కోశాం. లావుగా కిందికి దిగే వేళ్లు పోవాలి, సన్నని పీచు వేళ్లు మిగలాలి, ఎందుకంటే నీళ్లు తాగేవి అవే. కోసినచోట పాలు కారితే తడిగుడ్డతో తుడిచాం. ఆ పాలు కొందరికి చర్మం మీద దురద పెడతాయి, చేతులు కడుక్కోండి.

కొత్త మట్టికి రెండు పాళ్లు ఇటుక ముక్కలు, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన ఎరువు. ఇటుకను మినప్పప్పు గింజంత సైజుకి కొట్టి, జల్లించి, పొడి అంతా పారబోశాం. ఆ పొడి ఉంటే మళ్లీ పాత కథే. అడుగు చిల్లులకు జాలీ ముక్క, దాంట్లోంచి సన్నతీగ పైకి తెచ్చి వేళ్లను కుండీకి కట్టేశాం. ఇది చాలామంది వదిలేస్తారు. చెట్టు ఊగుతుంటే కొత్త పీచు వేళ్లు తెగిపోతాయి. మూడు వారాలు నీడలో, నెలదాకా ఎరువు లేకుండా ఉంచాం. మళ్లీ నాలుగైదు ఆకులు రాలాయి. ఈసారి నేను భయపడలేదు. పద్దెనిమిదో రోజున కొమ్మ చివర ఎర్రటి మొగ్గ కనిపించింది. ఆ రోజు మేడమ్‌కి ఫోన్ చేశాను.

తీగ సంగతి జూన్‌లో, చెట్టు బలం పుంజుకున్నాక. వేళ్లు కోసిన నెలలోనే తీగ కట్టడం, ఆకులు దులపడం అన్నీ కలిపి చేయకూడదు. అల్యూమినియం తీగ కొమ్మ లావులో మూడోవంతు ఉంటే సరిపోతుంది. ముందు కాండానికి ఒకటి రెండు చుట్లు వేసి పట్టు తెచ్చుకోవాలి, తర్వాత కొమ్మ మీద ఏటవాలుగా, సుమారు నలభైఐదు డిగ్రీల కోణంలో చుట్టాలి. చుట్టడం అయ్యాకే వంచాలి. వంపు బయటివైపున ఒక చుట్టు పడేలా చూస్తే బెరడు పగలదు. కొమ్మ ఆ ఆకారంలో లావెక్కితే అక్కడే నిలుస్తుంది, అందుకే తీగ.

ఇక్కడా నాదే తప్పు. జూన్, జూలైలో ఫైకస్ ఎంత వేగంగా లావెక్కుతుందో నాకు తెలియలేదు. ఇంటర్నల్స్ హడావుడిలో ఐదు వారాలు చూడలేదు. తీగ బెరడులోకి దిగిపోయింది. తిప్పి విప్పబోతే తాత చెయ్యి పట్టుకున్నాడు. విప్పితే బెరడు ఊడివస్తుంది. కట్టర్‌తో ఒక్కో చుట్టూ తుంచి తీశాం. ఎడమవైపు కింది కొమ్మమీద మీరు చూసే మరచుట్టు గీత అదే. మాసిపోవడానికి ఏళ్లు పట్టొచ్చు. తీగ ఉన్నన్నాళ్లూ వారానికోసారి చూడాలి, లోతు పడటం మొదలైతే కొమ్మ కుదురుకున్నా కుదురుకోకపోయినా తీసేయాలి. కావాలంటే మళ్లీ వేరేచోట చుట్టుకోవచ్చు.

దసరా సెలవుల్లో తొమ్మిది రోజులు మనమెవరం ఉండం. కుండీని నీళ్ల పళ్లెంలో పెట్టి పోదామని ఒకరన్నారు, వద్దు, అన్ని రోజులు నిలవనీటిలో వేళ్లు కుళ్లిపోతాయి. తాత రోజు విడిచి రోజు చూస్తానన్నాడు. హాస్టల్‌లో ఉండిపోయే జూనియర్లెవరైనా మిగతా రోజులు చూస్తే నాకు పేరు చెప్పండి. అగరుబత్తి పుల్ల కుండీ పక్కనే ఉంది, పారేయకండి.