ఎర్ర ఇంటూకు కారణం అడిగిన ఉత్తరం

అరకు లోయలో కాఫీ తోటల నడుమ ఉన్న ఒక పల్లె నుంచి ఒకావిడ నాకు ఉత్తరం రాసింది. ఇంట్లో ఆమె మాట్లాడేది ఆదివాసీ ఒడియా. బడిలో తెలుగు నేర్చుకుంది. తోట చూడవచ్చే పర్యాటకులకు తానే అన్నీ వివరించాలని ఇప్పుడు ఇంగ్లీషు నేర్చుకుంటోంది. నేను దిద్ది పంపిన టెన్సుల కాగితాన్ని తిరిగి జతచేసి, "మాస్టారూ, నాలుగింటికి ఇంటూ పెట్టారు. ఎందుకు తప్పో చెప్పలేదు" అని అడిగింది. ఆ నాలుగూ నాకు నేర్పినవి, పాఠాలు చెప్పబోయే మీకోసం రాస్తున్నాను.

1. తప్పు జవాబు వెనక కూడా ఒక ఆలోచన ఉంటుంది.

ప్రతి జవాబు పక్కనా తానెందుకలా రాసిందో ఆమె తెలుగులో రాసింది. మొదటిది, "ఐ హావ్ పిక్డ్ కాఫీ యెస్టర్‌డే." పక్కన, "కోయడం అయిపోయింది కదా, అందుకే హావ్ పెట్టాను" అని ఉంది. తెలుగులో "నిన్న కోశాను" అన్నా, "ఇప్పుడే కోశాను" అన్నా క్రియ ఒకటే. ఇంగ్లీషులో అలా కుదరదు. నిన్న, పోయిన వారం, 2019లో అంటూ గడిచిపోయిన కాలాన్ని చెబితే "ఐ పిక్డ్" అనాలి. ఎప్పుడన్నది చెప్పకుండా, పని అయిందనీ దాని ఫలితం ఇప్పుడు ఉందనీ చెప్పాలంటే "ఐ హావ్ పిక్డ్." పని అయిపోయిందా అని కాదు, చెప్పిన కాలం గడిచిపోయిందా అని చూసుకోవాలి. అందుకే పొద్దున్న పూటే మాట్లాడుతుంటే "దిస్ మార్నింగ్" పక్కన హావ్ చెల్లుతుంది. అదే సాయంత్రమైతే "ఐ పిక్డ్" అనడమే సరి.

2. ఒక్క ఇంటూ కింద రెండు తప్పులు దాగి ఉండవచ్చు.

రెండో జవాబు, "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫోర్ ఇయర్స్." "నాలుగేళ్ల నుంచి పనిచేస్తున్నాను" అన్న మాటను ఆమె ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టింది. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి "హావ్ బీన్ వర్కింగ్" కావాలి. అది మొదటి సవరణ. సిన్స్ పక్కన మొదలైన సమయం రావాలి, ఎంతకాలమో చెప్పాలంటే ఫర్ కావాలి. కనుక "సిన్స్ 2019", "ఫర్ ఫోర్ ఇయర్స్." ఇది రెండోది. నా ఇంటూ చూసి ఆమె సిన్స్‌ను ఫర్‌గా మార్చి, యామ్‌ను అలాగే ఉంచి, ఇప్పుడైనా సరేనా అని అడిగింది. ఏ మాట దగ్గర దారి తప్పిందో ఆ మాట కింద గీత గీసి ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు. ఏళ్ల తరబడి అలా గీయకుండానే కాగితాలు దిద్దానన్న బాధ నాకుంది.

3. అలవాటునూ రేపటినీ వేరు చేసి చూపాలి.

మూడోది, "వి విల్ పిక్ కాఫీ ఎవ్రీ నవంబర్." మన్యంలో నవంబరు నాటికి కాఫీ పళ్లు ఎర్రబడతాయి, కోతలు జోరందుకుంటాయి. "ఏటా కోస్తాం" అన్నా, "రేపు కోస్తాం" అన్నా తెలుగులో క్రియ మారదు. ఆ కోస్తాంలో ఆమెకు రేపటి సంగతి వినిపించింది, విల్ పెట్టింది. ఏటా జరిగేదానికి "వి పిక్" చాలు. నేనిప్పుడు ఇలాంటి చోట వాక్యానికి ముందు ఒకసారి "రేపు", ఒకసారి "ప్రతి ఏడూ" చేర్చి చదవమంటాను. "ప్రతి ఏడూ" అతికితే విల్ తీసేయాలి. రెండు భాషలూ పక్కపక్కన పెట్టి చూపితే పెద్దవాళ్లు ఇట్టే పట్టుకుంటారు.

4. జవాబుల పట్టికకన్నా వాక్యం పెద్దది.

నాలుగోది అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు గురించి. "ద ట్రైన్ విల్ లీవ్ టుమారో మార్నింగ్" అని ఆమె రాసింది. పట్టికలో "లీవ్స్" ఉంది. టైంటేబుల్ ప్రకారం నడిచేవాటికి లీవ్స్ అనడం ఇంగ్లీషులో రివాజే. అంతమాత్రాన విల్ లీవ్ తప్పు కాదు. ఆ ప్రశ్న టైంటేబుల్ వాడుకే రాయాలని అడగలేదు. "రేపు జరిగేది కదా, విల్ ఎందుకు పనికిరాదు?" అన్న ఆమె ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఆ మార్కు తిరిగి ఇచ్చాను.

5. అడగడమెలాగో ఆమె ఉత్తరమే చెబుతుంది.

ఆమె "నాకు అర్థం కాలేదు" అని మాత్రమే రాసి ఊరుకోలేదు. ప్రశ్న సంఖ్య, తన జవాబు, అలా రాయడానికి కారణం, ఈ మూడూ వరసగా రాసింది. కారణం కళ్లెదుట ఉంది కనుక సమాధానం నాలుగు మాటల్లో తేలింది. నేర్చుకునేవాళ్లు ఇలాగే అడగాలి. రేపు దిద్దబోయే మీరు ఇంటూ పెట్టిన ప్రతిచోటా దాని పక్కన ఒక్క వాక్యంలో కారణం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఇంటూ పెట్టకండి. ముందు ఆ జవాబును మళ్లీ చదవండి.