పన్ను నొప్పా? నరం నొప్పా?

మా గుమ్మడిదలలో దవడ నొప్పి వస్తే ముందు పన్నునే అనుమానిస్తాం. కానీ ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం కొమ్మలే పళ్ళకూ వెళతాయి. మెదడు దగ్గర రక్తనాళం ఆ నరాన్ని ఒత్తితే, పన్ను బాగున్నా నొప్పి పన్నులోనే ఉన్నట్టుంటుంది. ఇదే ట్రైజెమినల్ న్యూరాల్జియా. నటుడు సల్మాన్ ఖాన్ దీనికే 2011లో అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్నారు.

ఒక ఫ్యాక్టరీ కార్మికుడికి ముఖం కడుక్కుంటుంటే కుడి దవడలో కరెంటు షాక్ కొట్టినట్టయి, క్షణాల్లో ఆగిందనుకుందాం. పన్ను పీకించాడు. రెండు నెలలు హాయిగా ఉండి, తర్వాత పక్క పన్నులో మొదలైంది. ఈ జబ్బు తనంతట తానే కొన్నాళ్ళు తగ్గి, మళ్ళీ వస్తుంది. అది పన్ను తీసినందువల్లే తగ్గిందనుకుని రెండో పన్నూ పోగొట్టుకుంటారు.

మరి తేడా ఎలా తెలుస్తుంది? పుచ్చు పన్ను చల్లనీళ్ళు తగిలాక చాలాసేపు సలుపుతుంది, తట్టితే నొస్తుంది. నరం నొప్పి చెంపకు గాలి తగిలినా వచ్చి, రెండు నిమిషాల్లోపే పోతుంది. మామూలు నొప్పి మాత్రలకు లొంగదు. ఎక్స్‌రేలో పన్ను బాగుంటే పీకించకుండా హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రుల న్యూరాలజీ విభాగాల్లో చూపించాలి. సాధారణంగా ముందు కార్బమాజెపిన్ మాత్రలు రాస్తారు. అవి డాక్టరు చెప్పినట్టే వాడాలి. ఒంటిపై దద్దుర్లు వస్తే వెంటనే చెప్పాలి.