లా పేపర్‌ను చివరికి నెట్టకండి

ప్రశ్న: డి.ఫార్మసీ అయింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల మందుల షాపుకు రోజూ వెళ్లొస్తూ ఎగ్జిట్ పరీక్షకు ఎలా చదవాలి?

జవాబు: మూడు పేపర్లలోనూ విడివిడిగా 50 శాతం రావాలి, అదీ ఒకే ప్రయత్నంలో. ఫార్మకాలజీలో ఎన్ని మార్కులొచ్చినా లా పేపర్‌ను గట్టెక్కించవు. పొద్దున్నే ఫార్మాస్యూటిక్స్, ఫార్మకాలజీ రోజు విడిచి రోజు చదవండి. లా బస్సులో చాలు. హెచ్1 రిజిస్టర్‌ను షాపులోనే చూడండి: డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం రాసి 3 ఏళ్లు భద్రపరచాలి.

రాత్రి ఓ అయిదు లెక్కలు చేయండి. 15 కిలోల బిడ్డకు కిలోకు 15 మి.గ్రా. చొప్పున పారాసిటమాల్ 225 మి.గ్రా. సిరప్‌లో ప్రతి 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉంటే? 225ను 250తో భాగించి, 0.9 దగ్గరే ఆగితే తప్పు. దాన్ని 5తో హెచ్చించండి: 4.5 మి.లీ.