వారం మీటింగ్‌లో మీ ఒక్క నిమిషం

సోమవారం టీమ్ మీటింగ్‌లో ఎనిమిది మంది వరసగా తమ తమ పనులు చెబుతూ పోతారు. మీ వంతు వచ్చేసరికి అంతా మీ మాటే వింటున్నారని అనుకోవద్దు. మాల్కమ్ బ్రెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు వరసగా పదాలు చదువుతూ పోయారు. తమ వంతుకు కాస్త ముందు పక్కవాళ్లు చదివిన పదాలే వాళ్లకు సరిగ్గా గుర్తు లేవు. ఆఫీసులోనూ జరిగేది అదే. మీ తర్వాత మాట్లాడాల్సినవాళ్లు, మీరు మాట్లాడుతుండగా తమ మాటలు కూడగట్టుకుంటుంటారు. కాబట్టి అప్‌డేట్‌ను సగం చెవితో వినేవాళ్లకు కూడా అందేలా రాసుకోవాలి. అంటే, ఎదుటివాళ్ల పని మీద ప్రభావం చూపే మాట మొదటి వాక్యంలోనే రావాలి.

మరి ఏ మాట పెట్టాలి? చాలామంది ఫ్రెషర్లు వారమంతా చేసిన పనుల జాబితా చదువుతారు. అందులో ఎక్కువ భాగం టీమ్‌కు ముందే తెలుసు. గారోల్డ్ స్టాసర్, విలియం టైటస్ 1985లో చూపించిన విషయం ఇక్కడ పనికొస్తుంది. కలిసి చర్చించే మనుషులు అందరికీ తెలిసిన సంగతుల చుట్టూనే తిరుగుతారు, ఒక్కరికే తెలిసిన సంగతి చాలాసార్లు బయటికే రాదు. అందుకే మీ నిమిషం మీకు మాత్రమే తెలిసిన సంగతికే దక్కాలి. రోజువారీ మీటింగ్‌లో ‘నిన్న ఏం చేశారు, ఈరోజు ఏం చేస్తారు, అడ్డంకులేమిటి’ అనే మూడు ప్రశ్నలు సాఫ్ట్‌వేర్ టీమ్‌లకు బాగా అలవాటు. వాటిని స్క్రమ్ గైడ్ 2020 కూర్పులో తీసేశారు. ఎవరు ఎంత చేశారన్నదాని కన్నా, అనుకున్న లక్ష్యానికి ఎంత దగ్గరగా ఉన్నామన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక టెస్టర్, శుక్రవారం రిలీజ్ ఉన్న షాపింగ్ యాప్ మీద పనిచేస్తున్నారనుకోండి. మొదటి చిత్తుప్రతి ఇలా ఉంటుంది: “పోయిన వారం లాగిన్ టెస్టింగ్ చేశాను, తర్వాత కార్ట్ చూశాను, ఆ తర్వాత పేమెంట్ మొదలుపెట్టాను, అందులో కొన్ని ఇష్యూలు వచ్చాయి, వాటి మీద వర్క్ జరుగుతోంది.” ‘కొన్ని ఇష్యూలు’ అన్నచోట అసలు సంగతి దాగిపోయింది. దాన్నే తిరగరాస్తే: “శుక్రవారం రిలీజ్‌కు లాగిన్, కార్ట్ రెడీ, యూపీఐ పేమెంట్ మాత్రం రెడీ కాదు. 20 సార్లు కట్టి చూస్తే 3 సార్లు డబ్బు కట్ అయింది, ఆర్డర్ మాత్రం పెండింగ్‌లోనే ఉండిపోయింది. బ్యాంకు నుంచి జవాబు ఆలస్యమైనప్పుడే ఇలా జరుగుతోంది. బుధవారం సాయంత్రానికి బ్యాకెండ్‌లో సరిచేస్తే గురువారం మళ్లీ టెస్ట్ చేస్తాను. ఆలోపు కుదరదంటే, యూపీఐ లేకుండా రిలీజ్ చేయాలా అన్నది ఇవాళే తేల్చాలి.” ఇదంతా నిమిషంలోపే అయిపోతుంది. బ్యాకెండ్ డెవలపర్‌కు తన పని తెలిసింది, మేనేజర్‌కు తీసుకోవాల్సిన నిర్ణయం తెలిసింది.

దీన్ని రాసేటప్పుడు చివరి వాక్యంతో మొదలుపెట్టండి. ఎవరి నుంచి, ఏం కావాలి, ఎప్పటికి? ఆ మనిషిని పేరు పెట్టి అడగాలి. ‘ఎవరైనా కాస్త చూడండి’ అంటే ఎవరూ చూడరు. తర్వాత, ఆ అడిగినదానికి కారణం అర్థమయ్యేంత వివరమే పైన చేర్చండి, మిగతాది కొట్టేయండి. పైకి చదువుతూ ఫోన్‌లో టైమ్ చూసుకోండి. మనసులో చదివితే నిమిషంలో అయిపోయేది నోటితో చెబితే అంతకన్నా ఎక్కువే పడుతుంది.

చేసిన పనంతా చెప్పకపోతే ఖాళీగా కూర్చున్నాననుకోరా అనే భయం సహజమే. కొత్త ఉద్యోగంలో, పైగా ప్రొబేషన్‌లో, ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. దానికి మార్గం, పనుల జాబితాను మీటింగ్‌కు ముందే టీమ్ చాట్‌లో పెట్టేయడం. కావలసినవాళ్లు చదువుకుంటారు, రికార్డూ ఉంటుంది. రాసుకుని చెబితే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుందన్న అభ్యంతరంలోనూ నిజముంది. అందుకే మొదటి, చివరి వాక్యాలు మాత్రమే పూర్తిగా రాసుకుని, మధ్యలో ‘20లో 3’, ‘బ్యాంకు ఆలస్యం’ లాంటి ముక్కలు ఉంచుకుంటే చాలు. టీమ్‌లో వేరే భాషలవాళ్లుండి ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తే మాత్రం తడబడే వాక్యాలన్నీ పూర్తిగా రాసుకోవడమే మంచిది. ఏమీ మారని వారాలూ ఉంటాయి. అప్పుడు “అనుకున్న ప్రకారమే నడుస్తోంది, ఎవరి నుంచీ ఏమీ అక్కర్లేదు” అని ఆపేయవచ్చు.

స్క్రిప్ట్ కుదిరిందో లేదో మీరు చెప్పాక వచ్చే ప్రశ్నే చెబుతుంది. “అయితే శుక్రవారం రిలీజ్ ఉన్నట్టా, లేనట్టా?” అని ఎవరైనా అడిగారంటే మీ మొదటి వాక్యం తప్పిందన్నమాట. “బ్యాంకు ఎంత ఆలస్యం చేస్తోంది?” అని అడిగితే వాళ్లు విన్నారు, సమస్యలోకి దిగారు. ఆ చర్చ ఇద్దరి మధ్యే సాగేదైతే, మీటింగ్ అయ్యాక కలుద్దామని సమయం చెప్పి పక్కవారికి వంతు ఇవ్వండి.