పొద్దున పది గంటలకు ఢిల్లీలో మీటింగు: ఏ విమానం ఎక్కాలి?

జనవరిలో ఒకరోజు ఉదయం 10 గంటలకు కన్నాట్ ప్లేస్‌లో మీటింగు ఉందనుకుందాం. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు. ముందురోజు సాయంత్రం బయల్దేరొచ్చు, అర్ధరాత్రి దాటాక రెడ్‌ఐ ఎక్కొచ్చు, తెల్లవారుజామున 6 గంటల విమానం పట్టుకోవచ్చు.

ప్ర: 6 గంటల విమానం సరిపోదా?
జ: అంతా సవ్యంగా జరిగితే సరిపోతుంది. 8.20 ప్రాంతంలో దిగి, ట్రాఫిక్ దాటుకుని 9.30కి చేరతారు. చేతిలో మిగిలేది అరగంటే. రాత్రంతా హైదరాబాద్‌లోనే నిలిచి ఉన్న విమానం కాబట్టి పొద్దుటి సర్వీసులు మామూలుగా సమయానికే కదులుతాయి. కానీ జనవరిలో ఢిల్లీ పొగమంచు తెల్లవారుజామునే దట్టంగా ఉంటుంది. అప్పుడు విమానాన్ని హైదరాబాద్‌లోనే ఆపేస్తారు, లేదా జైపూర్‌కు మళ్లిస్తారు.

ప్ర: ఆలస్యమైతే నాకేం ఇస్తారు?
జ: డీజీసీఏ నిబంధన ప్రకారం, రెండున్నర గంటల లోపు ప్రయాణానికి ఆలస్యం 2 గంటలకు చేరితే భోజనం, ఫలహారం ఇవ్వాలి. ఆ హక్కు వచ్చేసరికి మీటింగుకు సమయానికి చేరే అవకాశం పోయి ఉంటుంది. ఆలస్యం 6 గంటలు దాటేలా ఉంటే వేరే విమానం గానీ, పూర్తి సొమ్ము గానీ కోరవచ్చు.

ప్ర: మీటింగు తప్పిన నష్టానికి పరిహారం వస్తుందా?
జ: రాదు. చెప్పకుండా రద్దు చేస్తే, 2 గంటలు దాటిన ప్రయాణానికి గరిష్ఠంగా 10,000 రూపాయలు. మీ బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే అంతే. పొగమంచు వల్ల రద్దయితే అదీ ఉండదు. బుకింగ్‌లో మీ ఫోన్ నంబరు లేకపోయినా పరిహారం అడగలేరు; ఏజెంటు తన నంబరు ఇచ్చాడేమో చూసుకోండి.

ప్ర: రెడ్‌ఐలో నిద్రపోతూ వెళ్తే?
జ: 2.30కి ఎక్కితే 4.45కి దించేస్తారు. గంటన్నర కునుకు కూడా కష్టం. హోటళ్లు సాధారణంగా మధ్యాహ్నమే గది ఇస్తాయి కాబట్టి, తెల్లవారుజామున పడుకోవాలంటే ముందురాత్రి అద్దె కట్టాల్సిందే. ఆ డబ్బేదో పెట్టి రాత్రంతా నిద్రపోవడం మేలు.

ప్ర: అయితే ముందురాత్రి చివరి విమానమా?
జ: చివరిది వద్దు. పగలంతా పేరుకున్న ఆలస్యం దాని మీదే పడుతుంది, అది రద్దయితే వెనక ఇంకొకటి ఉండదు. సాయంత్రం 6 గంటలది తీసుకోండి. అది రద్దయితే, సొమ్ము వాపసు అడగకుండా ఆ రాత్రే వెళ్లే తర్వాతి విమానంలో సీటు అడగండి. అదీ కుదరకపోతే పొద్దున 6 గంటలది ఉండనే ఉంది. నిబంధన మీ టికెట్టునే కాపాడుతుంది. మీటింగును కాపాడేది వెనక మిగిలిన ఆ విమానాలే.