నానీ చివర మలుపు ఎలా?

ప్రశ్న: నానీలు రాస్తున్నాను. చివరి రెండు పాదాలు తేలిపోతున్నాయంటున్నారు. ఒకటి పంపుతున్నాను.
వేసవిలో / మాండవ్య ఎండింది / రైతు బతుకూ / పాపం ఎండింది
– ఒక పాఠకుడు, రాయచోటి

జవాబు: మీ లెక్క తప్పలేదు. ఎన్.గోపి గారు పెట్టిన హద్దు 20 నుంచి 25 అక్షరాలు, మీవి సరిగ్గా 20. లోపం చూపులో ఉంది. మొదట ఏరును చూస్తున్న మనిషే చివరా మాట్లాడుతున్నాడు, అన్నమాటే మళ్లీ అంటున్నాడు. పైగా ఆ ‘పాపం’తో పాఠకుడు పడాల్సిన జాలిని మీరే పడేశారు!

చూసేవారిని మార్చండి:
మాండవ్య / ఎండిపోయింది / వంతెన మాత్రం / ఇంకా ఎదురుచూస్తోంది

ఇప్పుడు ఏటిని వంతెన చూస్తోంది. రైతు పేరెత్తకపోయినా ఆ ఎదురుచూపులో ఉన్నాడు. వంతెన బదులు విమానం పెడితే మలుపు కాదు, పొడుపుకథ. రెండో సగానికి మొదటి సగంలో వేరుండాలి.

చివరి రెండు పాదాలు చేత్తో మూసి ఎవరినైనా ఊహించమనండి. ఇట్టే చెప్పేస్తే మలుపు లేనట్టు. తెరిచాక కూడా అర్థంకాకపోతే ఆ వేరు తెగినట్టు. నాలుగైదుసార్లు తిరగరాసినా ఇదే జరుగుతుంటే, కడప బ్రౌన్ గ్రంథాలయం సభలకొచ్చే కవుల్లో ఒకరికి ఎదురుగా చదివి వినిపించండి.