చేసిన పని, ఆగిన చోటు: రిక్రూటర్ ప్రశ్నలకు జవాబు రాసేవారికి చేయవలసినవి, చేయకూడనివి

షోలాపూర్ హోట్గి రోడ్ చుట్టుపక్కల తెలుగిళ్లలో చాలామందికి నేత పని పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. తాతలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి వచ్చి మగ్గాల దగ్గర కుదురుకున్నారు. తండ్రులు సాంచాలు నడిపారు. షోలాపూర్ చద్దరుకూ, టర్కీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలు పుణె, ఇచల్‌కరంజి, సూరత్ మిల్లులకు ఫోన్‌లోనే దరఖాస్తు పెడుతున్నారు. అటునుంచి ఒక ఫారమో, వాట్సాప్ సందేశమో వస్తుంది. ఏ యంత్రం నడిపారు, ఎంత బాగా వచ్చు, ఏ సాఫ్ట్‌వేర్ వాడారు అని ఐదారు ప్రశ్నలుంటాయి.

ఆ జవాబులు చదివే మనిషికి మీరెవరో తెలియదు. మీరు రాసిన రెండు లైన్లను బట్టే మిమ్మల్ని పిలవాలో వద్దో తేల్చుకుంటాడు. మిల్లు ఉద్యోగంలో అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. మొదటి రోజు మిమ్మల్ని ఏ యంత్రం ముందు నిలబెట్టాలో, పక్కన తోడు ఎవరైనా ఉండాలో అక్కర్లేదో కూడా ఆ జవాబును బట్టే నిర్ణయమవుతుంది. అందుకే దీన్ని ప్రమాద నివారణలో భాగంగా చూడమంటున్నాను.

ఒక కుర్రవాడిని అనుకుందాం. ఇంట్లోని ప్లెయిన్ సాంచాల మీద నాలుగేళ్లు చద్దర్లు నేశాడు. తర్వాత ఒక రేపియర్ యూనిట్‌లో ఎనిమిది నెలలు రాత్రి షిఫ్టులో హెల్పర్‌గా ఉన్నాడు. ఫారంలో ‘రేపియర్ లూమ్‌లో మీ స్థాయి ఎంత? ఒకటి నుంచి ఐదులోపు రాయండి’ అని ఉంది. స్నేహితులు చెప్పినట్టు అతను ఐదు వేసి, పక్కన ‘అన్ని పనులూ వచ్చు, ఐదేళ్ల అనుభవం’ అని రాశాడు. మిల్లువాళ్లు నమ్మారు. వారంలో అతనికి ఒంటరిగా నాలుగు రేపియర్లు అప్పగించారు.

ఇంట్లోని ప్లెయిన్ సాంచా నిమిషానికి నూరు, నూట యాభై పిక్కుల మధ్య నడుస్తుంది. రేపియర్ మూడు వందలు దాటుతుంది. అయితే ప్రమాదం వేగం ఒక్కదానితోనే రాదు. ప్లెయిన్ సాంచా ఆగిందంటే, మనం మళ్లీ హ్యాండిల్ పట్టి కదిలించేదాకా కదలదు. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన నమ్మకం అది. చాలా రేపియర్లలో పేక తెగితే యంత్రం ఆగుతుంది, ఆ తర్వాత తెగిన పిక్కును బయటపెట్టడానికి తనంతట తానే నెమ్మదిగా వెనక్కి తిరుగుతుంది. ఆగింది కదా అని అదే క్షణంలో పన్నె దగ్గర వేలు పెట్టినవాడికి గాయమవుతుంది. ఇది మొదటి వారంలోనే, పక్కన నిలబడి ఎవరైనా చూపించాల్సిన సంగతి. ఐదు వేసుకున్నవాడికి అది ఎవరూ చూపించరు. తెలుసనే అనుకుంటారు.

1948 నాటి కర్మాగారాల చట్టం 22వ సెక్షన్ కూడా ఈ భయంతోనే వచ్చింది. నడుస్తున్న యంత్రానికి నూనె పోయడం, పరీక్షించడం, సరిచేయడం లాంటివి ప్రత్యేకంగా శిక్షణ పొందినవారే చేయాలనీ, వాళ్లు వదులుగా లేని బట్టలు వేసుకోవాలనీ, వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఉండాలనీ అది చెప్పింది. ‘సెట్టింగులు కూడా చేస్తాను’ అని ఫారంలో రాయడమంటే మీ పేరును అలాంటి జాబితాలోకి మీరే తోసుకోవడం.

చేయవలసినది: చేత్తో చేసిన పని రాయండి, ఎక్కడ ఆగారో కూడా రాయండి. అదే కుర్రవాడు ఇలా రాసి ఉండవచ్చు:

‘రేపియర్: ఎనిమిది నెలలు, హెల్పర్‌గా, పోయిన ఏడాది. తెగిన పేక, పడుగు అతికించి మళ్లీ నడపగలను. బీమ్ మార్చేటప్పుడు సాయం చేశాను, ఒంటరిగా మార్చలేదు. సెట్టింగులు ముట్టుకోలేదు. ప్లెయిన్ సాంచా: నాలుగేళ్లు, ఒంటరిగా.’

ఫోన్ తెరమీద ఒక్క చూపులో చదివేయగల జవాబు ఇది. ఇందులో యంత్రం పేరుంది, ఎంత కాలమో ఉంది, ఏ హోదాలోనో ఉంది, చివరిసారి ఎప్పుడో ఉంది, రానిదేమిటో ఉంది. ‘ముట్టుకోలేదు’ అన్న మాట ఉద్యోగం పోగొడుతుందని చాలామంది భయపడతారు. అనుభవమున్న సూపర్‌వైజర్ దాన్ని మరోలా చదువుతాడు. రానిది రాదని చెప్పినవాడు వచ్చునని చెప్పిన పనిని నమ్మవచ్చని అతనికి తెలుసు. హెల్పర్ చోటైనా ఇస్తారు, లేదా రెండు వారాలు పాతవాడి పక్కన నిలబెడతారు. ఆ రెండు వారాలే మీ వేళ్లకు రక్షణ.

చేయవలసినది: అంకె అడిగితే దాని అర్థం పక్కనే రాయండి. ఒకటి నుంచి ఐదు అని అడుగుతారు కానీ ఏ అంకెకు ఏం అర్థమో చాలా ఫారాల్లో సరిగా ఉండదు. మీ కొలత మీరే పెట్టుకోండి. చూశాను, కానీ నడపలేదు అంటే ఒకటి. ఎవరైనా పక్కనుంటే చేయగలను అంటే రెండు. రోజువారీ పని ఒంటరిగా చేయగలను అంటే మూడు. మామూలు లోపాలు వస్తే నేనే సరిచేస్తాను అంటే నాలుగు. కొత్త క్వాలిటీకి యంత్రాన్ని సిద్ధం చేసి మరొకరికి నేర్పగలను అంటే ఐదు. ఈ లెక్కన ఆ కుర్రవాడు రేపియర్‌లో రెండు, ప్లెయిన్ సాంచాలో నాలుగు. అంకె పక్కన ‘2: పక్కన మనిషి ఉంటే’ అని రాస్తే చాలు, చదివేవాడికి అనుమానం మిగలదు.

చేయకూడనిది: పక్కవాడి చేతిలో చూసిన పనిముట్టును మీ జాబితాలో వేయవద్దు. డిజైన్ ఉద్యోగాలకు రాసేవారిలో ఈ పొరపాటు ఎక్కువ. ఒకప్పుడు గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి, దాన్నిబట్టి జకార్డ్ కార్డులు కొట్టేవారు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డ్‌కు కంప్యూటర్‌లోనే ఫైల్ తయారవుతుంది. ‘ఏ సాఫ్ట్‌వేర్ వాడారు?’ అని అడిగితే ఫోటోషాప్, నెడ్‌గ్రాఫిక్స్, అరావీవ్ అని పేర్లన్నీ వరసగా రాసేస్తారు. రిక్రూటర్ వెనక ఉన్న డిజైనర్ వేసే తర్వాతి ప్రశ్న ఒక్కటే: ‘చివరికి ఏ ఫైల్ ఇచ్చారు?’

ఫోటోషాప్‌లో బొమ్మ గీసి, రంగులు నాలుగైదుకు తగ్గించి, ఒక పిక్సెల్‌కు ఒక పడుగు పోగు, ఒక పిక్కు అన్న లెక్కకు కుదించడం ఒక పని. ప్రతి రంగుకూ ఏ నేత పడాలో నిర్ణయించి, అంచు కలిపి, స్టాబ్లీ కంట్రోలర్ చదివే `JC5` లాంటి ఫైల్‌గా మార్చడం మరో పని. మొదటిది మాత్రమే చేసినవారు ఇలా రాస్తే సరిపోతుంది: ‘ఫోటోషాప్: రెండేళ్లు, టవల్ బార్డర్లు, రంగులు తగ్గించి ఇచ్చాను. నేతలు వేసి `JC5` ఫైల్ చేసింది మా సీనియర్. నేను చూశాను, చేయలేదు.’ ఇంత స్పష్టంగా చెప్పినవారికి రెండో పని నేర్పించడం ఏ కంపెనీకైనా సులువు. అన్నీ వచ్చునని రాసినవారు తప్పు ఫైల్ ఇస్తే నష్టం వేరుగా ఉంటుంది. బార్డర్ పాడయిన టవళ్లు కుప్పపడ్డాక గాని అది బయటపడదు.

లెక్కల పనికి, స్టోర్స్ పనికి రాసేవారికీ ఇదే వర్తిస్తుంది. ‘ఎక్సెల్ అడ్వాన్స్‌డ్’ అనకుండా, ‘నూలు స్టాకు షీట్ రోజూ నింపాను, `VLOOKUP` వాడతాను, పివట్ టేబుల్ చేయలేదు’ అనండి.

చేయవలసినది: ఇంటి పనిని కూడా లెక్కలోకి తీసుకోండి. ఎక్కువ చెప్పుకోవడం ఎంత తప్పో, ఉన్నది చెప్పుకోకపోవడమూ అంతే తప్పు. మన ఆడవాళ్ల ఫారాల్లో ఇది చూస్తే నాకు బాధేస్తుంది. పదేళ్లు కండెలు చుట్టి, టవళ్ల అంచులు కుట్టి, లోపాలున్నవి ఏరి పక్కన పెట్టిన మనిషి అనుభవం గడిలో ‘ఏమీ లేదు’ అని రాస్తుంది. జీతం చీటీ లేనంత మాత్రాన పని లేకుండా పోదు. ‘ఇంటి యూనిట్‌లో, పదేళ్లు, జీతం లేకుండా, టవల్ చెకింగ్, అంచులు కుట్టడం, కండెలు చుట్టడం. సర్టిఫికెట్ లేదు’ అని రాయాలి. అది పూర్తిగా నిజం. చెకింగ్ విభాగానికి కావలసిన కన్ను ఆమెకుందని చదివేవారికి వెంటనే తెలుస్తుంది.

చేయకూడనిది: ఏళ్లను కలిపి పెంచవద్దు. ప్లెయిన్ సాంచా మీద నాలుగేళ్లు, రేపియర్ మీద ఎనిమిది నెలలు ఉంటే రెండింటినీ కలిపి రేపియర్ గడిలో ఐదేళ్లని రాయకండి. ఫోన్‌లో ఒక్క ప్రశ్నతో అది తేలిపోతుంది. టర్కీ టవల్ నేశానన్నవారిని ‘మూడు పిక్కుల టెర్రీలో కుచ్చు ఎలా లేస్తుంది?’ అని అడుగుతారు. మొదటి రెండు పిక్కులను పన్నె గుడ్డ అంచుదాకా కొట్టదు, కొంచెం ఎడం ఉంచుతుంది. మూడో పిక్కుతో మూడింటినీ కలిపి ముందుకు నెడుతుంది. అప్పుడు వదులుగా వస్తున్న కుచ్చు పడుగు లూపులుగా లేస్తుంది. టెర్రీ సాంచా దగ్గర నిజంగా పనిచేసినవారు దీన్ని తమ మాటల్లో, మరాఠీలోనైనా హిందీలోనైనా చెప్పేస్తారు. భాష తడబడినా ఫరవాలేదు. ఫారంలో ఇంగ్లీషు రాకపోతే వచ్చిన భాషలోనే రాయండి. అరువు తెచ్చుకున్న ఇంగ్లీషు పేరాకు మీరు ఫోన్‌లో వివరణ ఇచ్చుకోలేరు.

చేయకూడనిది: రుజువు కోసం పాత యజమాని డిజైన్ ఫైళ్లు పంపవద్దు. అవి మీరు గీసినవే అయినా జీతం తీసుకుని గీసినవి. బజారులో అమ్ముడవుతున్న గుడ్డ ఫోటో ఒకటి చాలు, అదైనా అడిగి పంపండి. నమూనా తప్పనిసరి అంటే కొత్తగా ఒక చిన్న బార్డర్ గీసి ఇవ్వండి.

ఇక నైపుణ్యం గురించి అడిగే ఫారంలో ఆధార్ ఫోటో, బ్యాంకు వివరాలు, ఓటీపీ, ‘ట్రైనింగ్ డిపాజిట్’ అడిగితే అక్కడితో ఆపేయండి. మీ స్థాయి తెలుసుకోవడానికి అవేవీ అవసరం లేదు.

జవాబులు పంపేముందు ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పిలుపు వచ్చిన రోజు అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతారు. మిల్లులో చేరిన మొదటి రోజు ఆ స్క్రీన్‌షాట్‌నే సూపర్‌వైజర్‌కు చూపించి, ‘నేను చేయలేదని రాసిన పనులు ఇవి, ముందు ఇవి చూపించండి’ అని అడగండి.